ఆర్డర్ ‘రివ్యూ’లో ఎందుకు ఆగుతుంది? బాలింకాలిగ్ అడ్రస్, గుంటూరు కార్డు

ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన సంగతి ఇది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడతాం, బ్యాంకు ఓటీపీ కూడా ఓకే అవుతుంది. గంట తర్వాత ‘మీ ఆర్డర్‌ను పరిశీలిస్తున్నాం’ అని మెయిల్ వస్తుంది. బ్యాంకు ఒప్పుకున్నాక షాపుకి ఇంకా ఏం అనుమానం?

దొంగిలించిన కార్డుతో ఎవరైనా కొంటే, అసలు కార్డు మనిషి బ్యాంకుకి ఫిర్యాదు చేస్తాడు. బ్యాంకు ఆ డబ్బు వెనక్కి లాక్కుంటుంది. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. ఓటీపీ లాంటి తనిఖీ జరగని ఆర్డర్లలో ఆ నష్టం చాలావరకు షాపుదే: సరుకూ పోతుంది, డబ్బూ పోతుంది. అందుకే పార్సిల్ గుమ్మం దాటకముందే షాపు తన రూల్స్‌తో మరోసారి వడపోస్తుంది.

రూల్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. స్ట్రైప్ వాడే షాపు ఇలా ఒక్క లైను రాసుకుంటే చాలు:

```
Review if :card_country: != :ip_country:
```

కార్డు ఇచ్చిన దేశం, ఇంటర్నెట్ కనెక్షన్ ఉన్న దేశం వేరైతే మనిషి చూడాలి అని దీని అర్థం. ఐర్లండ్‌లో కూర్చుని ఇండియా కార్డు వాడే మనం ప్రతిసారీ ఇందులో పడతాం. ఐరిష్ కార్డే అయినా, వీపీఎన్ వేరే దేశంలో ఆన్ చేసి ఉంటే అదే కథ.

చాలా షాపులు ఒక్క రూల్‌తో తేల్చేయవు, మార్కులు వేస్తాయి. ఒక ఉదాహరణ చూద్దాం. లెక్క అర్థం కావడానికి మార్కులు నేను వేసినవే, ఒక్కో షాపు ఒక్కోలా వేసుకుంటుంది. బాలింకాలిగ్‌లో ఉండే ఒకాయన సంక్రాంతికి ఊరెళ్తూ ఒకే మోడల్ ఫోన్లు మూడు కొన్నారు. కార్డు బిల్లింగ్ అడ్రస్ గుంటూరు, డెలివరీ P31తో మొదలయ్యే ఎయిర్‌కోడ్‌కి. రెండు అడ్రస్‌లు కలవలేదు: 10. కార్డు దేశం వేరు: 15. ఒకే ఫోన్ మూడు: 15. అకౌంట్ ఆ రోజే తెరిచారు: 10. మర్నాటికే డెలివరీ అడిగారు: 5. మొత్తం 55. షాపు గీత 50 దగ్గర ఉంటే ఆర్డర్ ఆగిపోతుంది. అదే మనిషి ఒక్క ఫోనే తీసుకుని ఉంటే 40, సాఫీగా వెళ్లిపోయేది. ఏ ఒక్కటీ నేరం కాదు, అన్నీ ఒకేచోట కలవడమే తంటా. అమ్మితే వెంటనే డబ్బయ్యే వస్తువు కాబట్టి ఫోన్లకి సంఖ్య రూల్ గట్టిగా ఉంటుంది. మూడు బియ్యం బస్తాలని ఎవరూ ఆపరు.

‘అడ్రస్ కలవలేదు’ వేరు, ‘పోల్చలేకపోయాం’ వేరు. బిల్లింగ్ అడ్రస్‌లోని అంకెల్ని బ్యాంకు రికార్డుతో పోల్చే ఏవీఎస్ పద్ధతి ముఖ్యంగా అమెరికా, కెనడా, యూకే కార్డులకే పనిచేస్తుంది. ఇండియా కార్డుకి తరచూ జవాబే రాదు. ఆ మౌనాన్ని కూడా తప్పుగా లెక్కేసే రూల్ పెట్టుకుంటే, మంచి కొనుగోలుదారులే ఇరుక్కుంటారు.

ఇంకో చిక్కు అద్దె ఇళ్లది. 2015లో వచ్చిన ఎయిర్‌కోడ్ ఒక్కో చిరునామాకి ఒక్కటే. ఒకే ఇంట్లో నలుగురం ఉండి, బ్లాక్ ఫ్రైడే రాత్రి నాలుగు కార్డులతో కొంటే, షాపుకి కనిపించేది ‘ఒకే అడ్రస్, గంటలో నాలుగు కార్డులు’. దొంగ కార్డులు పరీక్షించేవాళ్లూ అచ్చం ఇలాగే కనిపిస్తారు.

రివ్యూలో పడ్డాక ఒక మనిషి మీ పేరు, ఫోన్ నంబరు, పాత ఆర్డర్లు చూస్తారు. అవసరమైతే ఫోన్ లేదా మెయిల్ చేస్తారు. ఈలోపు డబ్బు బ్యాంకులో ‘పెండింగ్’గా ఉండొచ్చు, కట్ అయిపోయి కూడా ఉండొచ్చు. ఆర్డర్ రద్దయితే తిరిగి వస్తుంది, కానీ కొన్ని రోజులు పట్టొచ్చు. కంగారుపడి మళ్లీ ఆర్డర్ పెట్టకండి, అది ‘కొద్దిసేపట్లో రెండు ప్రయత్నాలు’ అని ఇంకో మార్కు తెస్తుంది. ఆర్డర్ నంబరుతో షాపుకే రాయండి: కార్డు నాదే, డెలివరీ ఇల్లు నాదే, మూడు ఫోన్లు ఇంట్లోవాళ్లకి అని. ఆర్డర్‌లో ఐరిష్ మొబైల్ నంబరు ఇచ్చి ఉంటే పని తొందరగా తేలుతుంది.

ఫోన్ చేసినవాళ్లు ఓటీపీ గానీ, పిన్ గానీ, కార్డు వెనక మూడంకెలు గానీ అడిగితే అది రివ్యూ కాదు, మోసం. పెట్టేసి, షాపు వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకి మీరే చేయండి.

అడ్రస్ రూల్స్ ఇంత గట్టిగా ఉండటానికి ఇంకో కారణం ఉంది. ‘మీ ఇంటికి పార్సిళ్లు వస్తాయి, వేరే అడ్రస్‌కి పంపండి, కమీషన్ ఇస్తాం’ అనే పార్ట్‌టైం ఉద్యోగం ఆఫర్లు వస్తుంటాయి కదా. వాటి వెనక తరచూ ఉండేది దొంగ కార్డులతో కొన్న సరుకు. కొన్నవాడు దొరకడు. పార్సిల్ మీద ఉండేది మీ పేరు, మీ ఎయిర్‌కోడ్. పోలీసులు, అంటే ఇక్కడి గార్డా, ముందు తట్టేది ఆ తలుపే.