పైన వచ్చే రూపాయి ఎవరిచ్చినట్టు?

ఏలూరు జిల్లాలో ఒక డ్వాక్రా సంఘం వాళ్లు తమ నెలవారీ మీటింగులో పది నిమిషాలు మాట్లాడమని పిలిచారు. బ్యాంకులో పనిచేసి రిటైరయిన దాన్ని కాబట్టి పొదుపు గురించి చెబుతానని వాళ్ల ఆశ. నిజానికి పొదుపు గురించి వాళ్లకు నేను చెప్పేదేమీ లేదు. పన్నెండు మంది, తలా నెలకు 200 రూపాయలు, ఏళ్ల తరబడి తప్పకుండా కడుతున్నారు. తీర్మానాల పుస్తకంలో సంతకాలు, అప్పుల పుస్తకంలో వాయిదాలు అన్నీ సక్రమంగా ఉన్నాయి. అయితే సభ్యురాళ్లలో ఒకామె సంచీలోంచి పాస్‌బుక్కుతో పాటు గులాబీ రంగు అట్ట కార్డు ఒకటి తీసి, "మేడమ్, ఇదీ పొదుపే కదా?" అంది. లక్కీ స్కీము కార్డది. నెలకు వెయ్యి చొప్పున ఇరవై గళ్లు, ఏడింటిలో సంతకాలు పడి ఉన్నాయి.

నేను చెప్పాలనుకున్నది పక్కనపెట్టి ఆ కార్డు గురించే మాట్లాడదామనుకున్నాను. దానికి ముందు వాళ్లకు బాగా తెలిసిన రెండు లెక్కలు వేశాం.

మొదటిది సంఘం డబ్బు. నెలకు 2,400, ఏడాదికి 28,800. ఆ డబ్బునే రూపాయి వడ్డీకి, అంటే నూటికి నెలకు రూపాయి చొప్పున, సభ్యులే తిప్పుకుంటున్నారు. ఏడాది చివర పైన వచ్చిన మొత్తం ఎవరిచ్చినట్టు? అప్పు తీసుకున్న సభ్యురాలు. ఆమె పేరు, తీసుకున్న తేదీ, కట్టిన వాయిదా పుస్తకంలో ఉన్నాయి. ఆమె ఇల్లూ ఎదురుగానే ఉంది. అప్పుగా పోని డబ్బు బ్యాంకు ఖాతాలో ఉంటుంది. ఒకవేళ బ్యాంకు మూతపడినా డిపాజిట్ బీమా కింద ఒక ఖాతాదారుకు ఒక బ్యాంకులో 5 లక్షల దాకా రక్షణ ఉంది. 2020 ఫిబ్రవరి దాకా ఆ హద్దు లక్షే. పొదుపు డబ్బు పెద్దగా పెరగదు. అవసరం పడ్డ రోజున చేతికి రావడమే దాని పని.

రెండోది గేదె. సంఘం అప్పుతో గేదె కొన్నవాళ్లు అక్కడ నలుగురున్నారు కాబట్టి అంకెలు వాళ్లే చెప్పారు, నేను పలక మీద రాశాను. గేదె ధర 80 వేలు. ఇంటికి ఒక లీటరు ఉంచుకుని కేంద్రానికి ఆరు లీటర్లు పోస్తే, లీటరు 50 చొప్పున రోజుకు 300. పాలిచ్చేది ఎనిమిది నెలలు, అంటే 72 వేలు. ఇంతవరకు వినగానే ముఖాలు వెలిగాయి. తర్వాత ఖర్చు రాశాం. పాలిచ్చే రోజుల్లో నాలుగు కిలోల దాణా, కిలో 28 వేసుకున్నా ఎనిమిది నెలలకు 27 వేలు. వట్టిపోయాక ఐదు నెలలు రెండేసి కిలోలు, మరో 8,400. వరిగడ్డి, పచ్చిమేత 10 వేలు. మందులు, బీమా 5 వేలు. అన్నీ పోగా పదమూడు నెలలకు మిగిలేది సుమారు 22 వేలు. దూడ, ఇంట్లో తాగిన పాలు అదనం. తెల్లవారుజామున లేచి చేసిన చాకిరీ ఈ లెక్కలో లేదు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. 80 వేల అప్పు 24 వాయిదాల్లో తీర్చాలంటే వడ్డీ పక్కనపెట్టినా అసలే నెలకు 3,333. పాలున్నన్నాళ్లు అది తేలిగ్గానే వెళ్లిపోతుంది. వట్టిపోయిన ఐదు నెలల్లో మాత్రం వాయిదాలు, దాణా కలిపి 25 వేలు ఎక్కడినుంచి తేవాలి? పాలున్న నెలల్లో ఆ సొమ్ము పక్కన పెట్టనివాళ్లు అప్పుడు బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. దాంతో గేదె లాభం వడ్డీ వ్యాపారికి పోతుంది. రెండు గేదెలుంటే ఒకటి వట్టిపోయే వేళకు రెండోది ఈనేలా చూసుకుంటామని, కొనేముందు రెండు పూటలా దగ్గరుండి పాలు పిండించి కొలుచుకుంటామని ఒక పెద్దామె చెప్పింది. బ్యాంకు మనిషినైన నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు. నేను కలిపింది ఒక్కటే: చెవి ట్యాగు ఊడిపోతే వెంటనే బీమా కంపెనీకి చెప్పి కొత్తది వేయించుకోవాలి. ట్యాగు లేని గేదె చస్తే క్లెయిము రాదు.

గేదె పెట్టుబడే. నష్టం రావచ్చు, చచ్చిపోనూ వచ్చు. కానీ పైన వచ్చిన రూపాయి ఎవరిచ్చారంటే పాలు కొన్నవాళ్లిచ్చారు. వాళ్లకు పాలు ముట్టాయి, ఈమెకు డబ్బు ముట్టింది. నష్టం వస్తే ఎందుకొచ్చిందో కూడా చెప్పగలం.

ఇక గులాబీ కార్డు. స్కీములో 300 మంది. తలా నెలకు వెయ్యి, ఇరవై నెలలు. ప్రతి నెలా డ్రా. పేరు తగిలినవాళ్లకు 20 వేల విలువైన వస్తువు, ఆ తర్వాత వాళ్లు కట్టక్కర్లేదు. డ్రాలో తగలనివాళ్లకు చివర్లో అదే 20 వేల వస్తువు. "తగిలితే లాభం, తగలకపోయినా నష్టం లేదు మేడమ్" అని కార్డు అమ్మినవాళ్లు చెప్పారట. వినడానికి ఎంత బాగుందో చూడండి.

పలక తుడిచి లెక్క మొదలుపెట్టాం. మొదటి నెల 300 మంది కడితే 3 లక్షలు. పేరు తగిలినవాళ్లు తగ్గుతారు కాబట్టి రెండో నెల 299 మంది, మూడో నెల 298. అలా ఇరవయ్యో నెలకు 281 మంది. ఇరవై నెలలకు మొత్తం వసూలు 58 లక్షల 10 వేలు. ఇవ్వాల్సింది ఎంత? 300 మందికి 20 వేల చొప్పున 60 లక్షలు. ఒక్కరూ ఎగ్గొట్టకుండా కట్టినా లక్షా 90 వేలు తక్కువ. ఆఫీసు అద్దె, డ్రా రోజు టెంటు, మైకు, ఏజెంట్ల కమీషన్, నడిపే పెద్దమనిషి లాభం ఇంకా కలపనే లేదు.

మరి ఆ తేడా ఎవరు పూడుస్తారు? దారులు కొన్నే ఉన్నాయి. 14 వేల ఫ్రిజ్‌కు 20 వేల చీటీ అంటించడం ఒకటి. మధ్యలో రెండు నెలలు కట్టలేకపోయినవాళ్ల డబ్బు మింగేయడం ఇంకొకటి, కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఆ షరతు ఉంది. లేదా ఇది ముగిసేలోపు ఇంకో ఊళ్లో ఇంకో స్కీము మొదలుపెట్టి వాళ్ల డబ్బుతో వీళ్లకు ఇవ్వడం. ఏది చూసినా, పేరు తగిలినామె చేతికొచ్చిన ఎక్కువ సొమ్ము పక్కింటావిడ కొంగులోంచి వచ్చిందే. పాలు లేవు, బట్ట లేదు, ఎక్కడా కొత్తగా ఏదీ తయారు కాలేదు. జూదానికి గుర్తు అదే. పేకముక్కలు కనబడకపోతే జూదం కాదనుకోవడం మన అమాయకత్వం.

ఇందులో అసలు ప్రమాదం మరొకటుంది. పందొమ్మిదో నెల ముగిసేసరికి, పంచిన వస్తువుల ఖరీదు తీసేస్తే ఆ పెద్దమనిషి దగ్గర 51 లక్షల పైచిలుకు ఉండాలి. ఇంకొక్క నెల వాయిదా తీసుకున్నాక అతను 281 మందికి ఇచ్చేవాడే తప్ప తీసుకునేవాడు కాదు. ఇలాంటి స్కీములవాళ్లు చివరి నెలల్లోనే ఊరొదిలి ఎందుకు పోతారో వేరే చెప్పాలా?

డబ్బు రెట్టింపు అనే మాట వినబడ్డప్పుడు పోల్చి చూసుకోవడానికి ఒక కొలత ఇచ్చాను. పోస్టాఫీసులో కిసాన్ వికాస్ పత్రానికి 2023 ఏప్రిల్ నుంచి వడ్డీ ఏడాదికి 7.5 శాతం. ఆ లెక్కన సర్కారు పూచీ ఉన్న డబ్బు రెట్టింపు కావడానికి పట్టేది 115 నెలలు, అంటే తొమ్మిదేళ్ల ఏడు నెలలు. రెండేళ్లలో, మూడేళ్లలో చేస్తామన్నవాణ్ని అడగాల్సింది ఒకటే, ఆ మిగతాది ఎవరిస్తున్నారని. అగ్రిగోల్డులో సుమారు 32 లక్షల మంది కట్టారు. వాళ్లలో ఎక్కువమంది మనలాంటి ఊళ్లవాళ్లే.

బంగారం మాటేమిటని ఒకామె అడిగింది. కొన్నప్పుడు తరుగు, మజూరీ, పన్ను కడతాం. అమ్మినప్పుడు ఆ మూడూ రావు. అందుకే నగ మంచి పొదుపు, నడివేసవిలో అర్ధరాత్రయినా తాకట్టుకు పనికొస్తుంది. పెట్టుబడి అనుకుంటే మాత్రం ధర ఆ పోయినంత పెరిగాకే లాభం మొదలవుతుంది.

ఇంకొకామె కొడుకు ఫోన్లో "ట్రేడింగ్" చేస్తున్నాడట, పెట్టుబడి అంటున్నాడట. కంపెనీ వాటా కొని ఏళ్లపాటు ఉంచుకుంటే అది పెట్టుబడే, ఆ కంపెనీ సరుకు అమ్మి సంపాదించిందే మనకొస్తుంది. ఆ పిల్లాడు చేస్తున్నది మాత్రం ఆప్షన్లు. గురువారానికో మంగళవారానికో గడువు ముగిసే పందెం అది. ఒకడు గెలిచిన రూపాయి ఇంకొకడు ఓడిందే, మధ్యలో బ్రోకరు కమీషన్, పన్ను పోతాయి. 2021-22 నుంచి మూడేళ్ల లెక్కలు చూసి సెబీయే చెప్పింది, ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన మామూలు జనంలో నూటికి 93 మంది నష్టపోయారని. క్రికెట్ పందేల యాప్‌ల గురించి చెప్పక్కర్లేదు, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది.

చివర్లో లీడరమ్మ మెల్లగా అసలు సంగతి బయటపెట్టింది. ఆ స్కీముకు ఊళ్లో ఏజెంటు తనే. పది కార్డులు చేర్పిస్తే ఒకటి ఉచితం. ఇది ఈ ఒక్క ఊరి కథ కాదు. స్కీములవాళ్లకు ఊళ్లో ఎవరూ తెలియదు, సంఘం లీడరును ఊరంతా నమ్ముతుంది. అందుకే ముందు ఆమెనే పట్టుకుంటారు. రేపు షట్టరు మూస్తే జనం వెళ్లేది ఆమె ఇంటికే.

అంతటితో అయిపోదు. నెలనెలా డబ్బు వసూలు చేసి, డ్రా తీసి బహుమతులిచ్చి, మిగతావాళ్లకు చివర్లో తిరిగిచ్చే పద్ధతిని 1978 నాటి ప్రైజ్ చిట్ల నిషేధ చట్టం ఎప్పుడో నేరం చేసింది. రిజిస్ట్రార్ దగ్గర నమోదై, వేలంపాటతో నడిచే చీటీ వేరు, దానికి 1982 చట్టం ఉంది. ఈ గులాబీ కార్డుకు ఏ చట్టం అండా లేదు. నడిపినవాడికి మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఆ నిషేధం నడిపేవాడితో ఆగలేదు, సభ్యుల్ని చేర్పించి డబ్బు వసూలు చేసి పంపే ఏజెంటుకూ అది వర్తిస్తుంది.