మెడగీత తెగిన తర్వాత

2021 ఏప్రిల్ 14న బిట్‌కాయిన్ ధర 64,800 డాలర్లను తాకింది. అంతకు ముందు ఫిబ్రవరిలో 58 వేల దగ్గర ఒకసారి ఆగి, 43 వేలకు జారి, మళ్లీ లేచింది. ఏప్రిల్ శిఖరం తర్వాత 47 వేలకు దిగి, మే రెండో వారంలో 59 వేలు దాటినట్టే దాటి ఆగిపోయింది. దినసరి చార్టులో ఈ మూడు ఎత్తులనూ పక్కపక్కన చూస్తే మధ్యలో తల, అటూ ఇటూ రెండు భుజాలు కనిపిస్తాయి. దీన్నే హెడ్ అండ్ షోల్డర్స్ అంటారు. తలకు అటూ ఇటూ ఉన్న రెండు పల్లాలను కలుపుతూ గీసేది నెక్‌లైన్. మన కేసులో అది ఫిబ్రవరి చివరి 43 వేల నుంచి ఏప్రిల్ 25 నాటి 47 వేలకు కాస్త ఏటవాలుగా పైకి పోతుంది. అదే గీతను మే మధ్య దాకా పొడిగిస్తే 48,500 దగ్గరికి వస్తుంది.

రెండు భుజాలూ కనబడగానే ఆకారం పూర్తయిందని అనుకోకూడదు. ధర ఆ గీత కిందకు దిగి, అక్కడే ముగిస్తేనే లెక్క మొదలవుతుంది. ముగియడం అంటే ఇక్కడ కొంత చిక్కుంది. షేర్ మార్కెట్‌కు మధ్యాహ్నం మూడున్నరకు గంట కొడతారు, కాయిన్ మార్కెట్‌కు గంటే లేదు. చాలా చార్టుల్లో రోజు క్యాండిల్ మన టైమ్‌కు తెల్లవారుజామున 5:30కి మూతపడుతుంది. రాత్రి పదకొండుకు గీత తెగిందని అమ్మేసినవాళ్లకు, పొద్దున లేచేసరికి అదే క్యాండిల్ గీత పైన కనబడటం మామూలే. మే 15న మాత్రం అలా జరగలేదు. ఆ రోజు క్యాండిల్ 47 వేల లోపే మూతపడింది, ఆ తర్వాతి రోజుల్లో ఏ క్యాండిలూ గీత పైన మూతపడలేదు.

టార్గెట్ లెక్క సులువే. తల కొన నుంచి దాని సూటిగా కింద ఉన్న నెక్‌లైన్ దాకా ఎత్తు కొలవాలి. ఏప్రిల్ 14న గీత సుమారు 46,400 దగ్గరుంది కాబట్టి ఎత్తు 18,400. గీత తెగిన 48,500 నుంచి దాన్ని తీసేస్తే 30,100 వస్తుంది. మే 19న బిట్‌కాయిన్ 30 వేల దగ్గరికి పడి, అక్కణ్ణుంచి లేచింది. పాఠ్యపుస్తకంలో అచ్చువేసుకోవాల్సినంత చక్కగా కుదిరింది. చార్టు చూసేవాళ్లకు ఇలాంటిది ఒక్కటి దొరికితే ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

కానీ ఆ వారం ఇంకేం జరిగిందో కూడా చూడాలి. మే 12న టెస్లా ఇక బిట్‌కాయిన్ తీసుకోదని ఎలాన్ మస్క్ ప్రకటించాడు. మే 18న చైనాలోని మూడు ఆర్థిక సంఘాలు క్రిప్టో సేవలపై హెచ్చరిక జారీ చేశాయి. ధర పడేకొద్దీ అప్పు మీద కొన్నవాళ్ల పొజిషన్లను ఎక్స్ఛేంజీలు బలవంతంగా అమ్మేశాయి. 30 వేలకు పడింది భుజాల వల్లా, వార్తల వల్లా? వార్త బలం ఎక్కువనే నేననుకుంటాను. అప్పటికే బలహీనపడ్డ మార్కెట్‌ను ఆకారం చూపించి ఉండవచ్చు, పతనం లోతును ముందే నిర్ణయించి ఉండదు.

నమ్మకం విషయంలో క్రిప్టో కన్నా పాత మార్కెట్లలోనే ఓపికగా చేసిన పరిశోధన ఉంది. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్‌లో పనిచేసిన కారల్ ఆస్లర్, కెవిన్ చాంగ్ 1995లో ఆరు కరెన్సీలపై హెడ్ అండ్ షోల్డర్స్‌ను కంప్యూటర్‌తో వెతికించారు. జర్మన్ మార్క్, యెన్‌లలో లాభం కనబడింది, మిగతా నాలుగింటిలో లేదు. లాభం వచ్చినచోట కూడా అంతకన్నా మామూలు సూత్రాలే ఎక్కువ ఇచ్చాయి. తర్వాత అమెరికన్ షేర్లలో చూస్తే లాభం దొరకలేదు, గీత తెగిన రోజు కొనుగోళ్లూ అమ్మకాలూ మాత్రం పెరిగాయి. జనం దాన్ని నమ్మి కదులుతారన్నది నిజమే, అలా కదిలినవాళ్లకు డబ్బు రాలేదు.

అదే బిట్‌కాయిన్ అదే ఏడాది రెండో ఆకారాన్నీ చూపించింది. 2021 నవంబర్ 10న 69 వేలను తాకింది. ఏప్రిల్ శిఖరం ఒకటి, నవంబర్ శిఖరం రెండు, మధ్యలో జూన్, జూలైల పల్లం 29 వేల దగ్గర. ఇది డబుల్ టాప్. నవంబర్‌లో మాత్రం దాన్ని ఎవరూ అలా పిలవలేదు, పాత రికార్డు బద్దలైందన్నారు. మధ్య పల్లం తెగితేనే డబుల్ టాప్ ఖాయమవుతుంది. అంటే ధర 69 నుంచి 29 వేలకు, 58 శాతం పడ్డాక గానీ ఆకారం నోరు విప్పదు.

ఇక టార్గెట్ కొలిస్తే నవ్వొస్తుంది. ఎత్తు 40 వేలు, 29 వేలలోంచి 40 వేలు తీసేస్తే మైనస్ 11 వేలు. ఏ కాయినూ సున్నా కిందకు పోదు. పెద్ద పతనాల్లో డాలర్లతో కాకుండా శాతాలతో, చార్టు భాషలో చెప్పాలంటే లాగ్ స్కేల్‌పై, కొలవాలనేది ఇందుకే. 29 వేలు మరో 58 శాతం పడితే సుమారు 12,200. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ కూలినప్పుడు ధర 15,500 దగ్గర అడుగు తాకింది, 12 వేలకు వెళ్లనే లేదు. మరి మే 2021 పతనాన్ని శాతాల్లో కొలిస్తే 34,700 వచ్చేది, అక్కడ డాలర్ల లెక్కే కుదిరింది. రెండు కొలతల్లో ఏది కుదిరిందో తర్వాతే తెలిస్తే, అది ముందుచూపు కాదు. టార్గెట్ రాసుకునేటప్పుడే ఏ స్కేలో నిర్ణయించుకోవాలి.

ఈ ఆకారం తప్పిందని ఒప్పుకునే ధర టార్గెట్ కన్నా ముఖ్యం. డబుల్ టాప్‌కు పుస్తకం చెప్పేది రెండో శిఖరం పైన, అంటే 69 వేలు. 29 వేల దగ్గర అమ్మినవాడికి అది పనికిరాని దూరం. అందుకని చాలామంది గీత పైకి ధర తిరిగి వచ్చి ముగిస్తే చాలు, బయటికి వచ్చేస్తారు. 2022 మే 12న, టెర్రా లూనా కూలుతున్న రోజుల్లో, ధర 27 వేల కిందకు పోయి, అదే రోజు 29 వేల దగ్గరికి తిరిగొచ్చింది. నెలాఖరుకు దాదాపు 32 వేలు. ఆ నియమం పాటించినవాళ్లు నష్టంతో తప్పుకున్నారు. జూన్ 12న క్యాండిల్ 27 వేల లోపు మూతపడింది, వారం తిరక్కుండానే ధర 17,600. వాళ్ల నియమం తప్పు కాదు, దానికి అయ్యే ఖర్చు అది. రెండోసారి గీత తెగినప్పుడు మళ్లీ అమ్మడానికి ధైర్యం మిగలకపోవడమే అసలు నష్టం.

ఫ్లాగ్ వీటికి విరుద్ధం, సాగుతున్న కదలిక మధ్యలో విరామం. ధర 100 నుంచి 140కి నిటారుగా ఎక్కితే అది కర్ర. కొద్ది రోజులు 130, 140 మధ్య కాస్త కిందికి వంగి నడిస్తే జెండా. జెండా పై అంచు 137 దగ్గర దాటితే, కర్ర ఎత్తు 40 కలిపి 177 టార్గెట్ అంటారు. కింది అంచు తెగితే ఆకారం చెల్లదు. విరామం నెల దాటిపోయినా, వాలు కర్ర సగం కన్నా లోతుకు దిగినా దాన్ని జెండా అనకపోవడమే మేలు.

ఈ జెండాల మీద ట్రేడ్ చేసే మనవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. ప్రతిసారీ వెయ్యి రూపాయలు పోవచ్చు, రెండు వేలు రావచ్చు అనుకుందాం. పదింటిలో నాలుగు నెగ్గితే ఎనిమిది వేలు లాభం, ఆరు తప్పితే ఆరు వేలు నష్టం. చార్టు ప్రకారం రెండు వేలు మిగలాలి. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి కాయిన్ లాభంపై 30 శాతం పన్ను ఉంది, ఒక కాయిన్ అమ్మకంలోని నష్టాన్ని మరో లాభంలోంచి తీసేసుకోనివ్వరు. ఎనిమిది వేలపై 2,400 కట్టాలి. చేతిలో రెండు వేలే ఉన్నాయి, ఇంకో నాలుగు వందలు జేబులోంచి వేయాలి.