పొల్లు తీసినా అర్థం పోకూడదు

ఒక పేరాను అర్థం చెడకుండా కుదించేటప్పుడు తీసేయదగినవి రెండు రకాలు. మొదటివి ఊతమాటలు. వాక్యంలో ఉన్నా లేకపోయినా ఇవి చెప్పేదేమీ ఉండదు. ‘తెలియజేయునది ఏమనగా’, ‘విషయానికి వస్తే’, ‘ఉన్నటువంటి’ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. రెండోవి డొంకతిరుగుడు నిర్మాణాలు. వీటిలో అర్థం ఉంటుంది కానీ ఒక్క క్రియతో తేలే పనికి నాలుగు మాటలు పడతాయి. ‘ప్రారంభించారు’ అనడానికి ‘ప్రారంభించడం జరిగింది’ అనడం, ‘ఈ భవనానికి నాలుగు అంతస్తులు’ అనడానికి ‘ఈ భవనం నాలుగు అంతస్తులను కలిగి ఉంది’ అనడం ఇలాంటివే. ఊతమాటను కొట్టేస్తే చాలు. డొంకతిరుగుడు వాక్యాన్ని మాత్రం తిరగరాయాలి, అర్థం జారిపోయే ప్రమాదం ఎక్కువగా ఉండేది అక్కడే.

పట్టణాల్లో తరచూ కనిపించే తరహా ప్రకటన ఒకటి తీసుకుంటే ఈ పని ఎలా సాగుతుందో తెలుస్తుంది:

“పట్టణ ప్రజలందరికీ ముఖ్యంగా తెలియజేయునది ఏమనగా, మన పట్టణంలోని ప్రధాన మంచినీటి పైపులైను యొక్క మరమ్మతు పనులు చేపట్టవలసిన అవసరం ఏర్పడినటువంటి కారణంగా, రాబోయే మంగళవారం రోజున ఉదయం 6 గంటల సమయం నుంచి సాయంత్రం 4 గంటల సమయం వరకు 3, 4, 7 వార్డులకు సంబంధించినటువంటి ప్రాంతాలలో మంచినీటి సరఫరాను నిలిపివేయడం జరుగుతుంది. మరమ్మతు పనులు పూర్తి అయిన తరువాత నీటి సరఫరాను తిరిగి పునరుద్ధరించడం జరుగుతుంది. కావున ప్రజలు ఈ విషయాన్ని గమనించి ముందుగానే తమకు అవసరమైనటువంటి నీటిని నిల్వ చేసుకోవడం ద్వారా మునిసిపల్ సిబ్బందికి సహకరించవలసినదిగా కోరడమైనది.”

అంకెలతో కలిపి ఇందులో 66 మాటలున్నాయి. ముందుగా తేలికగా రాలిపోయేవాటిని చూడాలి. ‘తెలియజేయునది ఏమనగా’ అన్న మాట ఏదో చెప్పబోతున్నామని మాత్రమే చెబుతుంది. మంగళవారం అన్నాక ‘రోజున’, 6 గంటలు అన్నాక ‘సమయం’ అక్కర్లేదు. పునరుద్ధరించడంలోనే ‘తిరిగి’ ఉంది. ‘ఏర్పడినటువంటి’, ‘అవసరమైనటువంటి’ అన్నచోట్ల ‘ఏర్పడిన’, ‘అవసరమైన’ అంటే సరిపోతుంది. ప్రకటన పైన మునిసిపాలిటీ పేరు ఉంటుంది కాబట్టి ‘మన పట్టణంలోని’ కూడా పోవచ్చు.

తర్వాతిది తిరగరాసే పని. ‘మరమ్మతు పనులు చేపట్టవలసిన అవసరం ఏర్పడిన కారణంగా’ అన్న భాగంలో అసలు పని మరమ్మతు చేయడం ఒక్కటే. ‘చేపట్టవలసిన’ అన్నప్పుడే అవసరం తెలిసిపోయింది, మళ్లీ ‘అవసరం’ అన్నారు. ‘మరమ్మతు చేయాల్సి ఉన్నందున’ అంటే పనీ అవసరమూ కారణమూ మూడూ వచ్చేస్తాయి. ఇలాంటి వాక్యాల్లో అసలు క్రియ ఏదో ఒక నామవాచకంలో దాక్కుని ఉంటుంది. దాన్ని పట్టుకుని మళ్లీ క్రియగా మారిస్తే ‘చేపట్టడం’, ‘ఏర్పడడం’, ‘నిర్వహించడం’ లాంటి ఆసరా మాటలు వాటంతటవే తప్పుకుంటాయి.

ఇవన్నీ చేశాక ప్రకటన ఇలా మిగులుతుంది:

“ప్రధాన మంచినీటి పైపులైనుకు మరమ్మతు చేయాల్సి ఉన్నందున రాబోయే మంగళవారం ఉదయం 6 నుంచి సాయంత్రం 4 గంటల వరకు 3, 4, 7 వార్డుల్లో మంచినీటి సరఫరా నిలిపివేస్తాం. పనులు పూర్తయ్యాక పునరుద్ధరిస్తాం. ప్రజలు అవసరమైన నీటిని ముందుగానే నిల్వ చేసుకుని మునిసిపల్ సిబ్బందికి సహకరించాలని కోరుతున్నాం.”

మాటలు 35కు తగ్గాయి. కత్తెర ఆగిన చోట్లు కూడా గమనించదగ్గవే. రెండో వాక్యం అనవసరమని తోస్తుంది, సాయంత్రం 4 వరకు అని ముందే చెప్పారు కదా అనిపిస్తుంది. కానీ ఆ వాక్యం తీసేస్తే నాలుగింటికి నీళ్లు తప్పకుండా వస్తాయని జనం అనుకుంటారు. సరఫరా గడియారం మీద కాదు, పని పూర్తవడం మీద ఆధారపడుతుందని చెబుతున్నది ఆ వాక్యమే. ‘మంచినీటి’ అన్న మాట రెండుసార్లు వచ్చినా రెండోదాన్ని ఉంచడానికి కారణం ఉంది: ఉత్త ‘సరఫరా నిలిపివేస్తాం’ అంటే కరెంటు కూడా గుర్తుకు రావచ్చు. ‘4 గంటల వరకు’లో ‘గంటల’ తీసేస్తే పక్కనే ఉన్న వార్డు నంబర్లతో అంకెలు కలగాపులగం అవుతాయి. చివరి వాక్యాన్ని ‘సహకరించాలి’ అని ముగిస్తే ఇంకో మాట తగ్గేది, కానీ విన్నపం కాస్తా ఆజ్ఞ అయిపోయేది.

ఒక మార్పు మాత్రం కుదించేవారు సొంతంగా చేయకూడనిది. ‘వార్డులకు సంబంధించిన ప్రాంతాలలో’ అన్నదాన్ని ‘వార్డుల్లో’ అని మార్చడం సబబుగానే కనిపిస్తుంది. అయితే ఆ వార్డుల్లో కొన్ని వీధులకే నీళ్లు ఆగుతాయని రాసినవారి ఉద్దేశమైతే అర్థం మారిపోయినట్టే. రాసినవారిని అడిగి తేల్చుకోవాలి. మంగళవారం ఏ తేదీనో లేదన్న సంగతి కూడా పేరా చిక్కాకే కంటికి ఆనుతుంది. దాన్ని చేర్చాల్సింది కూడా వారే.

తెలుగులో అన్నిటికన్నా ఎక్కువ చోటు తినే నిర్మాణం ‘-డం జరిగింది’. సభల్లో, టీవీ వార్తల్లో, ఆఫీసు నివేదికల్లో ఇది పాతుకుపోయింది. మాట్లాడేటప్పుడు దానికి ఒక ఉపయోగం లేకపోలేదు, తర్వాతి మాట వెతుక్కునేందుకు వక్తకు కాస్త వ్యవధి దొరుకుతుంది. కాగితం మీద ఆ అవసరం లేదు. ‘కలెక్టర్ శిబిరాన్ని సందర్శించడం జరిగింది’ అన్నది ‘కలెక్టర్ శిబిరాన్ని సందర్శించారు’ అయితే ఏమీ పోదు.

చేసినవారు తెలియనప్పుడు ‘జరిగింది’ తప్పదని కొందరు అంటారు. ఈ వాదన చాలావరకు నిలవదు. తెలుగు క్రియకు కర్త లేకపోయినా నడక ఉంది. ‘మా వీధిలో రోడ్డు వేశారు’, ‘ఇక్కడ ఉప్పు పండిస్తారు’ అన్నప్పుడు ఎవరు అని ఎవరూ అడగరు. సంస్థ తన పని తాను చెప్పుకునేటప్పుడు ‘వేశాం’ అంటుంది, ఇతరులు చెప్పేటప్పుడు ‘వేశారు’ అంటారు. అందుకే ఆ ప్రకటనలో ‘నిలిపివేస్తాం’ అని వచ్చింది. అదే సమాచారం పత్రికలో వార్తగా వస్తే ‘నిలిపివేస్తారు’ అవుతుంది.

అయితే ఈ సౌలభ్యంలోనే పెద్ద గొయ్యి ఉంది. ‘కమిషనర్ సోమవారం రికార్డులు పరిశీలించారు. పథకం నిధులు వేరే ఖాతాకు మళ్లించడం జరిగింది’ అని ఒక నివేదికలో ఉందనుకుంటే, రెండో వాక్యాన్ని ‘మళ్లించారు’ అని కుదించగానే ఆ పని కమిషనర్ చేసినట్టవుతుంది. తెలుగులో బహువచనమూ గౌరవ ఏకవచనమూ ఒకే రూపంలో ఉంటాయి. కర్త లేని ‘-ఆరు’ క్రియ పక్క వాక్యంలోని గౌరవనీయుడికి అతుక్కుంటుంది. తనిఖీ చేసిన అధికారి నిందితుడైపోతాడు. ఇలాంటి చోట ‘నిధులు వేరే ఖాతాకు మళ్లాయి’ అని అకర్మక క్రియ వాడాలి, లేదా ఎవరు మళ్లించారో తెలిస్తే చెప్పాలి. అవి రెండూ కుదరకపోతే ‘జరిగింది’నే ఉంచడం మేలు. ‘ప్రమాదం జరిగింది’, ‘పెళ్లి జరిగింది’ అన్నప్పుడు అదే అసలు క్రియ కాబట్టి, కంప్యూటర్‌లో ఒకేసారి అన్ని ‘జరిగింది’లనూ వెతికి మార్చేసే పద్ధతి పనికిరాదు.

‘యొక్క’ విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. ఇది పరాయి మాటేమీ కాదు, షష్ఠీ విభక్తి ప్రత్యయాల వరసలో బడిపిల్లలు వల్లెవేసేదే. కాకపోతే తెలుగు నామానికి సంబంధాన్ని చెప్పే రూపం లోపలే ఉంది: ఇల్లు ఇంటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది, రాష్ట్రం రాష్ట్ర అవుతుంది. ‘రాష్ట్రం యొక్క బడ్జెట్’ కన్నా ‘రాష్ట్ర బడ్జెట్’ చిన్నదీ సహజమైనదీ. కానీ ‘పాత బడి యొక్క ఆటస్థలం’లో ‘యొక్క’ తీసేస్తే ‘పాత బడి ఆటస్థలం’ మిగులుతుంది. ఇప్పుడు పాతది బడా, ఆటస్థలమా? విశేషణం ముందున్నప్పుడు ‘యొక్క’ అది దేనికి చెందుతుందో గీత గీస్తుంది. ‘పాత బడికి ఉన్న ఆటస్థలం’ అని మరో దారిలో చెప్పవచ్చు గానీ దానివల్ల మాటలు తగ్గవు.

చిన్నగా ఉండి ఊతమాటల్లా కనిపిస్తూనే అర్థాన్ని మోసే మాటలు మరికొన్ని ఉన్నాయి. ‘నిందితుడు పారిపోయాడని పోలీసులు చెప్పారు’ అన్నదాన్ని ‘నిందితుడు పారిపోయాడు’ అని కుదిస్తే పోలీసుల మాట రాసినవారి మాటగా మారుతుంది. ‘దాదాపు’, ‘మాత్రమే’, ‘కూడా’ కూడా ఇంతే. ‘సుమారు 200 మంది వరకు’ అన్నప్పుడు రెంటిలో ఒకటి పోవాల్సిందే, కానీ ఏది పోవాలన్నది లెక్కను బట్టి ఉంటుంది. ‘సుమారు 200’ అంటే కొంచెం అటూ ఇటూ. ‘200 వరకు’ అంటే కచ్చితంగా చూస్తే అంతకు మించలేదని.

అర్థం నిలిచిందో లేదో కనిపెట్టడానికి సులువైన పరీక్ష ప్రశ్నలు వేయడం. పాత పేరా నుంచి ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎంత అన్నవాటికి జవాబులు రాసుకోవాలి. ఈ మాట ఎవరిది, ఎంత కచ్చితంగా అన్నారు, ఆజ్ఞా విన్నపమా అన్న ప్రశ్నలు కూడా తప్పకుండా చేర్చాలి, ఎక్కువగా జారిపోయేవి ఇవే. తర్వాత కొత్త పేరా మాత్రమే చూసి అవే జవాబులు రాయాలి. ఈ రెండో పని పాత పేరా చదవని మనిషి చేస్తే ఫలితాన్ని ఇంకా నమ్మవచ్చు, ఎందుకంటే కుదించినవారు లేని మాటను కూడా మనసులో చదివేసుకుంటారు. ఆ తర్వాత ఒకసారి పైకి చదవాలి. మాటకు ఇంత అని డబ్బు కట్టే టెలిగ్రామ్ సేవ మన దేశంలో 2013 జులైలో ఆగిపోయింది. ఆ తంతి భాషలా వాక్యం ముక్కలుగా వినిపిస్తే అక్కర్లేని మాటలతో పాటు విభక్తులూ క్రియలూ కూడా తెగాయని తెలుసుకుని, వాటిని తిరిగి చేర్చాలి.

ఈ కత్తెర అసలు పెట్టకూడని రాతలూ ఉన్నాయి. స్థలం అమ్మే దస్తావేజులో సరిహద్దులు, హక్కులు, చెట్లు, బావి అంటూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి, ఒకే అర్థం ఉన్నట్టు తోచే మాటలు రెండు మూడు పక్కపక్కనే ఉంటాయి. వాటిలో ఏది తీసినా రేపు వివాదం వస్తే ఆ హక్కు అమ్మారా లేదా అన్న ప్రశ్న పుట్టవచ్చు. అలాంటి కాగితాన్ని కుదించాలా వద్దా అన్నది న్యాయవాది తేల్చాల్సిన విషయం.