పుకారుకి కొని, వార్తకి అమ్మితే నిజంగా మిగులుతుందా?

క్రిప్టో కొనే కుర్రాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: రూమర్‌లో కొను, న్యూస్‌లో అమ్ము. ఏదైనా నెట్‌వర్క్‌లో పెద్ద అప్‌గ్రేడ్ రాబోతోందని తెలియగానే ఆ కాయిన్ కొనిపెట్టుకోవాలి. అందరూ అదే పని చేస్తారు కనుక ధర పెరుగుతుంది. అప్‌గ్రేడ్ జరిగిన రోజుకి ఇక ఎదురుచూడ్డానికి ఏమీ ఉండదు, కొనేవాళ్లు తగ్గిపోతారు, ధర పడుతుంది. కాబట్టి ఆలోపే అమ్ముకుని బయటపడాలి. ఇదీ సిద్ధాంతం. షేర్ మార్కెట్‌లో ఎప్పటినుంచో ఉన్న మాటే ఇది. క్రిప్టోలో అప్‌గ్రేడ్ తేదీ ముందే తెలిసిపోతుంది కనుక ఇక్కడ మరింత బాగా అతుకుతుందని చాలామంది నమ్మకం.

నమ్మకాన్ని పాత చార్టులతో సరిపోల్చి చూడొచ్చు. అందుకు ఎథీరియం కంటే అనువైనది లేదు. దాని అప్‌గ్రేడ్‌ల తేదీలన్నీ బహిరంగం, ధరల చరిత్ర ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. 2021 నుంచి 2025 దాకా జరిగినవాటిలో బాగా చర్చకు వచ్చినవి ఐదింటిని తీసుకుందాం: 2021 ఆగస్టు 5న లండన్, 2022 సెప్టెంబరు 15న మెర్జ్, 2023 ఏప్రిల్ 12న షపెల్లా, 2024 మార్చి 13న డెంకున్, 2025 మే 7న పెక్ట్రా.

ఈ మాటను సమర్థించేవాళ్లు ముందుగా చూపించేది మెర్జ్ చార్టునే. ఎథీరియం అప్పటిదాకా బిట్‌కాయిన్ లాగే మైనింగ్ మీద నడిచేది. మెర్జ్‌తో మైనర్లు పోయి, తమ ఈథర్‌ను తాకట్టు పెట్టి లావాదేవీలను ధ్రువీకరించే స్టేకర్లు వచ్చారు. మైనర్లకు రోజూ ఇస్తున్న సుమారు 13,000 కొత్త ఈథర్ ఒక్కసారిగా ఆగిపోయింది, స్టేకర్లకిచ్చే 1,600 మాత్రం మిగిలింది. కొత్త సరుకు ఇంతగా తగ్గుతుందంటే ధర పెరగాలి కదా అని అందరూ అనుకున్నారు.

2022 జూన్‌లో ఈథర్ 900 డాలర్ల కిందికి పడింది. జులై 14న ఎథీరియం డెవలపర్ల సమావేశంలో సెప్టెంబరు 19 అన్న తాత్కాలిక తేదీ బయటికొచ్చింది. అక్కణ్నుంచి ధర పరుగందుకుని ఆగస్టు మధ్యకి 2,000 డాలర్లు తాకింది. సెప్టెంబరు 15న, మన సమయం ప్రకారం మధ్యాహ్నం పన్నెండు దాటాక, మెర్జ్ ఏ ఆటంకమూ లేకుండా పూర్తయింది. ముందు రోజు 1,600 పైన ఉన్న ధర ఆ రోజు ముగిసేసరికి 1,500 కిందికి వచ్చింది. వారం తిరిగేలోగా 1,250 దగ్గరికి జారింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గీత చూస్తే పుకారుకి ఎక్కి వార్తకి దిగినట్టే కనిపిస్తుంది.

అదే గీతను కాస్త దగ్గరగా చూస్తే మొదటి చిక్కు బయటపడుతుంది. డాలర్లలో శిఖరం వచ్చింది మెర్జ్ రోజున కాదు, దానికి నెల ముందు. వార్త వచ్చేదాకా ఆగి అమ్మినవాడు శిఖరం కంటే ఐదో వంతు తక్కువకి అమ్మాడు. జులై మధ్యలో కొన్నవాడికి ఆ ధరకైనా లాభమే. ఆగస్టు మధ్యలో కొన్నవాడు మాత్రం వార్త రాకముందే నష్టంలో ఉన్నాడు. ఇద్దరూ పుకారుకే కొన్నారు. ఎప్పుడు కొనాలో ఆ సూత్రం చెప్పదు. చార్టు చూసేవాళ్లు తమకు అనుకూలమైన తేదీని వెతుక్కుని, సూత్రం ఆ తేదీనే చెప్పిందంటారు.

అందుకే లెక్క మొదలుపెట్టే ముందే గడువు రాసి పెట్టుకోవాలి. మనం ఇలా పెట్టుకుందాం: అప్‌గ్రేడ్‌కు ముందు రోజు ముగింపు ధరే మన కొలబద్ద. దానికి ముందు 30 రోజులు పుకారు కాలం, తర్వాత 30 రోజులు వార్త కాలం. ముందు రోజు ధరే ఎందుకంటే, అప్‌గ్రేడ్ రోజు ముగింపులో వార్త ప్రభావం అప్పటికే కలిసిపోయి ఉంటుంది. ఒక జాగ్రత్త: చాలా చార్టుల్లో రోజు ముగిసేది మనకు తెల్లవారుజామున 5:30కి. తేదీలు రాసుకునేటప్పుడు ఇది మరిచిపోతే ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. మెర్జ్ లాంటి చోట ఆ ఒక్క రోజే పదో వంతు తేడా తెస్తుంది.

ఈ కొలతతో డాలర్ ధరలు చూస్తే పుకారు కాలంలో ఐదింట నాలుగుసార్లు ఈథర్ పెరిగింది. పెరగనిది, విచిత్రంగా, మెర్జే. శిఖరం నుంచి దిగివస్తున్న నెల అది. వార్త కాలంలో మెర్జ్, షపెల్లా, డెంకున్ తర్వాత తగ్గింది. లండన్, పెక్ట్రా తర్వాత పెరిగింది, అదీ చిన్నగా కాదు. లండన్ తర్వాత నెలలో సుమారు 45 శాతం, పెక్ట్రా తర్వాత నెలలో మూడో వంతు. ముందు పెరిగి తర్వాత తగ్గడమనే పూర్తి కథ నడిచింది షపెల్లా, డెంకున్ రెండింటికే.

డాలర్ ధర ఒక్కటే చూడటం కూడా సరికాదు. ఈథర్ ఎప్పుడూ ఒంటరిగా నడవదు. బిట్‌కాయిన్ ఎటు పోతే చాలావరకు అటే పోతుంది. మెర్జ్ తర్వాతి పతనంలో ఎంత భాగం మెర్జ్ వల్ల? సెప్టెంబరు 13న అమెరికాలో ద్రవ్యోల్బణం అనుకున్నదానికంటే ఎక్కువని తేలింది, 21న అమెరికా కేంద్ర బ్యాంకు వడ్డీ రేటును 0.75 శాతం పెంచింది. ఆ రోజుల్లో బిట్‌కాయిన్ కూడా పడింది. ఈ గాలివాటాన్ని తీసేయాలంటే ఈథర్ ధరను బిట్‌కాయిన్‌తో భాగించి చూడాలి. చార్టు సైట్లలో ETHBTC అని కొడితే వచ్చేది ఆ నిష్పత్తే. చేత్తో చేసుకోవాలంటే లెక్క ఇది:

```
(1 + ETH మార్పు) / (1 + BTC మార్పు) - 1
```

మెర్జ్‌కే వేసి చూద్దాం. ముందు 30 రోజుల్లో ఈథర్ సుమారు 14 శాతం తగ్గితే, బిట్‌కాయిన్ 16 శాతం తగ్గింది. 0.86ని 0.84తో భాగిస్తే 1.02. అంటే బిట్‌కాయిన్‌తో పోలిస్తే ఈథర్ పిసరంత ముందుంది. తర్వాత 30 రోజుల్లో ఈథర్ 21 శాతం, బిట్‌కాయిన్ 5 శాతం పడ్డాయి. 0.79ని 0.95తో భాగిస్తే 0.83. గాలివాటం తీసేసినా 17 శాతం పతనం మిగిలింది. వార్తకి అమ్మమన్న సగం ఇక్కడ గట్టిగానే నిలబడింది.

దానికి కారణమూ ఉంది. మెర్జ్‌ను ఒప్పుకోని కొందరు మైనర్లు పాత పద్ధతిలోనే ఇంకో గొలుసు నడుపుతామన్నారు. మెర్జ్ వేళకు ఈథర్ చేతిలో ఉన్నవాళ్లకి ఈటీహెచ్‌డబ్ల్యూ అనే కొత్త కాయిన్ ఉచితంగా వస్తుంది. దానికోసం పెద్ద వ్యాపారులు ఈథర్ కొని, ధర పడితే నష్టపోకుండా ఫ్యూచర్స్‌లో అంతే మొత్తం అమ్మిపెట్టారు. ఫ్యూచర్స్‌లో అమ్మినవాళ్లే ఎదురు రుసుము కట్టుకునేంతగా ఆ బేరాలు పెరిగాయి. పని అయిపోయాక ఆ ఈథర్‌ను దగ్గర ఉంచుకోవాల్సిన అవసరం వాళ్లకు లేదు. తేదీకి ముడిపడిన కొనుగోలు తేదీతోనే ముగిసిపోయింది.

షపెల్లా కథ దీనికి తలకిందులు. అప్పటిదాకా స్టేక్ చేసిన ఈథర్‌ను వెనక్కి తీసుకునే దారే లేదు. ఆ దారి తెరిచేదే షపెల్లా. అప్పటికి సుమారు 1.8 కోట్ల ఈథర్ లోపల ఇరుక్కుని ఉంది. తలుపు తీయగానే అంతా బజారులో పడుతుందన్నది అప్పటి పుకారు. అంటే పుకారు భయపెట్టేది. నిజానికి బయటికి రావడానికి వరుస కట్టాలి, రోజుకి ఇంతేనన్న పరిమితి ఉంది. ముంచేస్తుందన్న వరద రాలేదు. డాలర్ చార్టులో ఈథర్ ముందు పెరిగి తర్వాత తగ్గింది కనుక సూత్రం నెగ్గినట్టు కనిపిస్తుంది. బిట్‌కాయిన్‌తో భాగిస్తే ఆ బొమ్మ తిరగబడుతుంది: ముందు నెలలో ఈథర్ బాగా వెనకబడింది, తర్వాత నెలలో బిట్‌కాయిన్ కంటే తక్కువ నష్టపోయింది.

ఐదింటికీ ఇలాగే లెక్కిస్తే నిష్పత్తిలో పూర్తి కథ నడిచింది మెర్జ్, డెంకున్‌లకు. డాలర్లలోనూ రెండే, నిష్పత్తిలోనూ రెండే, కానీ అవే రెండు కావు. రెండు కొలతల్లోనూ నిలిచింది డెంకున్ ఒక్కటే. ఆ మర్నాడే బిట్‌కాయిన్ 73,000 డాలర్లు దాటి అప్పటి గరిష్ఠాన్ని తాకి, వెనక్కి తిరిగిందని కూడా గుర్తుంచుకోవాలి. లండన్, పెక్ట్రా రెండు కొలతల్లోనూ ఎదురు నడిచాయి. లండన్‌తో ప్రతి లావాదేవీ రుసుములో కొంత కాలిపోవడం మొదలైంది. ఎంత కాలుతుందో వాడకాన్ని బట్టి ఉంటుంది కనుక ముందు ఎవరికీ కచ్చితంగా తెలియదు. ఆ నెలలో ఎన్‌ఎఫ్‌టీల జోరుతో అది బాగా కాలింది. వార్తలో కొత్త సంగతి ఉన్నప్పుడు వార్త రోజున కథ ముగియదు. పెక్ట్రా తర్వాతి పెరుగుదలలో మాత్రం అప్‌గ్రేడ్ వాటాను విడదీయడం కష్టం. అదే వారంలో అమెరికా, చైనా సుంకాల పోరు తాత్కాలికంగా ఆగి మార్కెట్లన్నీ లేచాయి.

ఐదు ఉదాహరణలతో ఎంత చెప్పగలం? వార్త తర్వాత ధర పెరగడమో తగ్గడమో బొమ్మాబొరుసు లాంటిదే అనుకుందాం. నాణేన్ని ఐదుసార్లు ఎగరేస్తే మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు బొరుసు పడే అవకాశం సరిగ్గా సగం. డాలర్లలో ఐదింట మూడుసార్లు తగ్గిందన్నది కాకతాళీయంగానూ జరిగేదే. ఇతర కాయిన్లను కలిపితే లెక్క పెరుగుతుంది, కానీ ఈరోజు బతికి ఉన్నవాటిని, పేరు మోసిన అప్‌గ్రేడ్‌లను మాత్రమే ఏరుకుంటే ఆ ఎంపికే ఫలితాన్ని వంచేస్తుంది. 2021 సెప్టెంబరు 12న కార్డానోలో అలోంజో అప్‌గ్రేడ్ వచ్చింది. దాని ధర పది రోజుల ముందే 3 డాలర్లు దాటి, వార్త నాటికే దిగుముఖం పట్టింది. ఈ సిద్ధాంతానికి సాక్ష్యంగా దీన్నీ చూపిస్తారు, అక్కడ కూడా వార్త రోజున అమ్మినవాడు శిఖరానికి ఆలస్యంగానే వచ్చాడు.

మన దేశంలో కొనేవాళ్లకి చార్టులో కనపడని లెక్క ఇంకొకటి ఉంది. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దానిమీద సెస్సు. ఒక బేరంలో వచ్చిన నష్టాన్ని మరో బేరం లాభంలోంచి తీసేసుకునే వీలు లేదు. ఒక అప్‌గ్రేడ్‌కు లక్ష పెట్టి 20,000 లాభం పొందారనుకుందాం. అందులో పన్ను 6,000. తర్వాతి అప్‌గ్రేడ్‌కు 15,000 పోయింది. రెండూ కలిపితే 5,000 లాభంలో ఉండాల్సినవారు సెస్సు కట్టకముందే 1,000 నష్టంలో ఉంటారు. ఐదింట రెండుసార్లు మాత్రమే పూర్తిగా నడిచిన సూత్రం మీద పదేపదే బేరాలు చేస్తే, గెలిచిన బేరాల లాభాన్ని ఓడిన బేరాలతో పాటు పన్ను కూడా తినేస్తుంది.