కార్డు మీద ముహూర్తం మార్చాలంటే

కార్తీకం మొదట్లో మా బావగారింట్లో గృహప్రవేశం. కార్డు వేయించారు, బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. "ముహూర్తం తొమ్మిది ముప్పై ఆరు కాదంట, పది ఇరవై రెండంట. కార్డు చేసినాయన ఊళ్లో లేడు. నీ ఫోన్లో ఆ ఒక్కటీ మార్చి పెడుదూ" అన్నారు. అంకె ఒక్కటే కదా అని ఆయన అనుకున్నారు. మొదట నేనూ అలాగే అనుకున్నాను.

చిక్కంతా ఒక్క చోట ఉంది. మన చేతికొచ్చింది జేపీజీ బొమ్మ. అందులో కనిపించే అక్షరాలు అక్షరాలు కావు, రంగు చుక్కలు. 9 అంకె మీద ఎన్నిసార్లు నొక్కినా ఫోనుకి అక్కడ అంకె ఉందని తెలియదు. అందుకే చేసినవాళ్లను ముందు ఒక మాట అడగాలి. కార్డు కాన్వాలోనే చేసి ఉంటే, ఆ డిజైన్ లింకు ఎడిట్ చేసే అనుమతితో పంపమనాలి. అప్పుడు అక్షరాలు ఇంకా అక్షరాలుగానే ఉంటాయి, రెండుసార్లు నొక్కి మార్చుకుంటే పని అయిపోతుంది. మాది డీటీపీ షాపులో చేసిన కార్డు. ఆ దారి లేదు. కనీసం వాళ్లు పంపిన అసలు ఫైలు ఎవరి దగ్గరుందో కనుక్కుని, దాన్ని ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపించుకున్నాను. గ్రూపులో ఫొటోగా తిరిగే కాపీని వాట్సాప్ కుదించేస్తుంది. సన్న అక్షరాల చుట్టూ బూడిద చల్లినట్టు మసక వస్తుంది.

ఫోను గ్యాలరీలో ఆ ఫైలు వివరాలు చూస్తే కొలత కనిపిస్తుంది. మాది 1131 × 1600 పిక్సెళ్లు. కాన్వాలో Custom size నొక్కి సరిగ్గా ఆ అంకెలే ఇచ్చాను. ఈ పని మొదట్లోనే చేయాలి. డబ్బు కట్టని ఖాతాలో డిజైన్ సైజు తర్వాత మార్చుకునే వీలుండదు. తర్వాత కార్డును Uploads నుంచి తెచ్చి పేజీ నిండా సర్దాను.

ఇప్పుడు పాత అక్షరాలను కప్పాలి. చాలామంది ఒక చతురస్రం గీసి, కార్డు రంగునే దానికి వేస్తారు. కార్డు నేల ఒకే రంగులో ఉంటే అది చాలు. రంగుల దగ్గర కనిపించే డ్రాపర్ గుర్తుతో నేలను తాకితే అదే రంగు వస్తుంది. కానీ మన కార్డుల నేల అలా ఎక్కడుంటుంది? పైన లేత మీగడ రంగు, కిందికి వచ్చేసరికి పసుపు, మధ్యలో పట్టుచీర నేతలాంటి గీతలు. అక్కడ ఒకే రంగు ముక్క వేస్తే గోడకు సున్నం మాసిక వేసినట్టు దూరం నుంచే తెలిసిపోతుంది.

దానికి ముక్కను కార్డులోంచే తీసుకోవాలి. కార్డు బొమ్మను Duplicate చేసి, కింది కాపీని Lock చేశాను, వేలు తగిలి జరగకుండా. పై కాపీని Crop చేసి, అక్షరాలు లేని సన్నని పట్టీ మాత్రం మిగిల్చాను. ఆ పట్టీ ఎక్కడ్నుంచి అన్నదే ముఖ్యం. రంగు పైనుంచి కిందికి మారే కార్డయితే, మార్చాల్సిన వాక్యం ఉన్న వరుసలోనే, పక్కనున్న ఖాళీలోంచి తీయాలి. అప్పుడే వెలుగు కలుస్తుంది. దాన్ని పక్కకు జరిపి పాత వాక్యం మీద పెట్టాను. పట్టీ పొట్టిగా ఉంటే దాన్నే మళ్లీ Duplicate చేసి పక్కన చేర్చాలి. వేలితో జరిపితే అటో ఇటో పోతుంది కాబట్టి చివర్లో Nudge బాణాలు వాడాలి. పట్టీ ఎత్తు అక్షరాల కంటే కాస్త ఎక్కువుండాలి. తెలుగులో పైన గుడి, కింద వత్తు ఉంటాయని మరిచిపోతే, కప్పిన చోట కింద ఏ ర వత్తు కొసో మిగిలిపోతుంది. పెద్దది చేసి చూస్తే తప్ప కనబడదు.

కప్పడం అయ్యాక అసలు కష్టం ఫాంటు దగ్గర మొదలైంది. డీటీపీ షాపుల్లో చాలా కార్డులు అను ఫాంట్లతో చేస్తారు. అవి యూనికోడ్‌వి కావు. ఫోను కీబోర్డు రాసే తెలుగు యూనికోడ్. ఆ ఫాంటు ఫైలు ఎక్కడో సంపాదించి, సొంత ఫాంట్లు చేర్చుకోనిచ్చే పిక్సెల్‌ల్యాబ్ లాంటి యాప్‌లో పెట్టినా, తెలుగు టైపు చేస్తే ఫోనులో ఉన్న మామూలు ఫాంటే కనిపిస్తుంది. యాప్ పాడైందని చాలామంది ఇక్కడే తల పట్టుకుంటారు. యాప్ తప్పేం లేదు. ఆ ఫాంటులో తెలుగు యూనికోడ్ అక్షరాలకు చోటే లేదు.

అంటే పాత ఫాంటుతో కలవదు. కలవనప్పుడు ఒక్క మాట మార్చకూడదు. పక్కపక్కన రెండు రకాల అక్షరాలుంటే కన్ను నేరుగా అక్కడికే పోతుంది. మొత్తం వాక్యం, వీలైతే తేదీ, ముహూర్తం ఉన్న ఆ భాగమంతా కొత్త ఫాంటులో రాస్తే, కావాలనే వేరుగా పెట్టారనిపిస్తుంది. మాకు ఎలాగూ అదే అవసరమైంది. పంతులుగారిని అడిగితే, గంట మారడంతో వృశ్చిక లగ్నం కాస్తా ధనుర్లగ్నం అయిందన్నారు. ఒక్కో లగ్నం సుమారు రెండు గంటలే కాబట్టి, ముహూర్తం ముప్పావుగంట జరిగినా లగ్నం పేరు మారొచ్చు. అంకె మార్చి పాత లగ్నం వదిలేసి ఉంటే కార్డు మళ్లీ తప్పే.

గంటా లగ్నమూ అవే ఉండి నిమిషాలే మారితే ఇంత అవసరం లేదు. 9.36 బదులు 9.12 కావాలనుకోండి. పై వరుసలో తేదీ అదే సైజులో ఉంటే, అందులోని 1ని, 2ని పట్టీ తీసినట్టే కత్తిరించి తెచ్చి పెట్టొచ్చు. ఫాంటు, రంగు, మసక అన్నీ కలుస్తాయి. కింద ఫోన్ నంబరులోని చిన్న అంకెల్ని పెద్దవి చేసి తేకూడదు, అవి పక్కవాటికంటే మసగ్గా కనిపిస్తాయి.

కొత్త వాక్యం టైపు చేశాక యాప్ తెలుగును సరిగా చూపిస్తోందో లేదో తేల్చుకోవాలి. నేను "స్త్రీ", "లక్ష్మి", "జ్ఞానం" అని రాసి చూస్తాను. వత్తులు కిందికి చేరకుండా పొల్లు అక్షరాలు విడివిడిగా నిలబడితే ఆ యాప్ గానీ ఫాంటు గానీ పనికిరాదు. కాన్వాలో అక్షరాల మధ్య దూరం పెంచకుండా ఉండటమే మంచిది, వరుసల మధ్య దూరం మాత్రం పెంచాలి. లేకపోతే "లక్ష్మి" కింది వత్తు తర్వాతి వరుస గుడిని తాకుతుంది. రంగు నల్లగా పెట్టకండి. మా కార్డులో నలుపనుకున్నది ముదురు కుంకుమ రంగు. డ్రాపర్‌తో పాత అక్షరంలో లావుగా ఉన్న చోట తాకాలి. అంచున తాకితే నేల రంగు కలిసి వెలిసిపోయినట్టు వస్తుంది.

పీఎన్‌జీగా దించుకుని, వరుస వరుస పెద్దది చేసి చూసి, బావగారికి డాక్యుమెంటుగానే పంపాను. పంపేముందు ముహూర్తం పైన చిన్న అక్షరాల్లో "సవరించిన ముహూర్తం" అని చేర్చాను. పాత కార్డు అప్పటికే చాలా ఫోన్లలో ఉంది. రెండూ పక్కపక్కన చూసేవాళ్లకు ఏది నమ్మాలో అది చెబుతుంది.