అప్పు చేస్తే మిల్లు విలువ పెరుగుతుందా?

ఒకే రోడ్డు మీద రెండు రైస్ మిల్లులు ఉన్నాయనుకుందాం. యంత్రాలు ఒకే రకం, కొనే ధాన్యం ఒకటే, అమ్మే బియ్యం ఒకటే. ఖర్చులన్నీ పోను ఒక్కో మిల్లుకు ఏడాదికి సగటున 10 లక్షల రూపాయలు మిగులుతాయి. తేడా ఒక్కచోటే ఉంది. మొదటి మిల్లుకు పైసా అప్పు లేదు. రెండో మిల్లు 8 శాతం వడ్డీకి 50 లక్షలు బ్యాంకులో అప్పు తీసుకుంది. ఈ రెండింటిలో దేనికి ఎక్కువ ధర పలకాలి?

అప్పు లేని మిల్లుకే అంటారు జాగ్రత్తపరులు. కాస్త లెక్క తెలిసినవాళ్లు మాత్రం రెండో మిల్లుకే ఓటేస్తారు. వాటాదారులు తమ డబ్బు మీద 10 శాతం రాబడి ఆశిస్తున్నారు, బ్యాంకు 8 శాతంతోనే సరిపెట్టుకుంటోంది, కాబట్టి చవక డబ్బు కలిపేకొద్దీ పెట్టుబడి ఖర్చు తగ్గి మిల్లు విలువ పెరగాలి కదా అన్నది వాళ్ల వాదన. 1958లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో, కార్నెగీ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తున్న ఫ్రాంకో మోడిగ్లియానీ, మెర్టన్ మిల్లర్ ఈ ఇద్దరిదీ తప్పేనన్నారు. పన్నులూ దివాలా ఖర్చులూ లేని లోకంలో, అప్పెంత, సొంత డబ్బెంత అన్నదానితో సంస్థ విలువకు సంబంధమే లేదని తేల్చారు.

కళ్లంలో ధాన్యపు రాశిని తలుచుకుంటే వాళ్ల మాట సులువుగా అర్థమవుతుంది. రాశి ఎంతన్నది చేను పండినదాన్ని బట్టి ఉంటుంది. దాన్ని ఆసామి, కౌలుదారు ఏ పాళ్లలో పంచుకున్నా గింజ పెరగదు, తగ్గదు. మిల్లుకు రాశి ఆ 10 లక్షలు. అప్పు తెచ్చినంత మాత్రాన మర ఎక్కువ బియ్యం ఆడించదు. ఆ రాశి ఎవరికెంత పోతుందన్నదే మారుతుంది.

మరి చవక డబ్బు సంగతేమిటి? పన్నులు లేవనుకుని లెక్క వేద్దాం. 10 శాతం రాబడి కోరేవారికి ఏటా 10 లక్షలు మిగిల్చే మిల్లు విలువ కోటి రూపాయలు. రెండో మిల్లులో 4 లక్షలు వడ్డీకి పోతే 6 లక్షలు మిగులుతాయి. వాటాదారుల పెట్టుబడి 50 లక్షలు కాబట్టి వాళ్లకు 12 శాతం గిట్టినట్టు. పైకి లాభంగానే ఉంది. కానీ పంటలు బాగా పండి మిల్లుకు 15 లక్షలు వచ్చిన ఏడాది మొదటి మిల్లు వాళ్లకు 15 శాతం వస్తే, రెండో మిల్లు వాళ్లకు 22 శాతం వస్తుంది. కరువొచ్చి 5 లక్షలే మిగిలిన ఏడాది మొదటివాళ్లకు 5 శాతం వస్తుంది, రెండోవాళ్లకు 2 శాతమే. బ్యాంకు తన 4 లక్షలను ముందే తీసుకుంటుంది కాబట్టి ఒడుదుడుకులన్నీ మిగిలిన 50 లక్షల మీదే పడతాయి. అదనంగా వచ్చిన ఆ 2 శాతం ఎవరో ఉచితంగా ఇచ్చింది కాదు, భుజాన పడ్డ ప్రమాదానికి కూలి. అప్పు చవకదే, కానీ అది పక్కనున్న సొంత డబ్బును ఖరీదు చేస్తుంది. రెండూ సరిగ్గా సరిపోయి మొత్తం ఖర్చు మళ్లీ 10 శాతం దగ్గరే ఆగుతుంది.

ఇంత సరిగ్గా ఎలా సరిపోతుందన్న అనుమానం రావచ్చు. మోడిగ్లియానీ, మిల్లర్‌ల అసలు ప్రతిభ అక్కడే ఉంది. జనం 12 శాతం చూసి ముచ్చటపడి, రెండో మిల్లు వాటాలకు 50 లక్షల బదులు 60 లక్షలు ఇస్తున్నారనుకుందాం. అప్పుతో కలిపి ఆ మిల్లు విలువ కోటీ 10 లక్షలైంది. అందులో పదో వంతు వాటా ఉన్న మనిషి ఏం చేస్తాడు? తన వాటా అమ్ముకుంటే 6 లక్షలు వస్తాయి. మిల్లు చేసిన అప్పులో పదో వంతు, అంటే 5 లక్షలు, తన పేరు మీద అదే 8 శాతానికి అప్పు తెచ్చుకుంటాడు. చేతిలో 11 లక్షలున్నాయి. అందులో 10 లక్షలు పెట్టి మొదటి మిల్లులో పదో వంతు కొంటాడు.

ఇప్పుడు అతనికి సగటున లక్ష వస్తుంది, 40 వేలు వడ్డీకి పోతే 60 వేలు మిగులుతాయి. పాత వాటా మీదా అంతే వచ్చేది. కరువు ఏడాది 50 వేలలో వడ్డీ పోగా 10 వేలు మిగులుతాయి. పాత వాటాకూ 10 వేలే. మంచి ఏడాది కూడా రెండుచోట్లా లక్షా 10 వేలే. అంటే ప్రమాదంలో వెంట్రుకవాసి తేడా లేకుండా, చేతిలో లక్ష రూపాయలు ఊరికే మిగిలాయి. ఇది తెలిసినవాళ్లంతా రెండో మిల్లు వాటాలు అమ్మి మొదటి మిల్లువి కొంటారు. రెండు ధరలూ ఒకటయ్యేదాకా ఆ బేరం ఆగదు. మదుపరి తన ఇంట్లో కూర్చుని చేసుకోగల అప్పును తన తరఫున కంపెనీ చేసిపెట్టినందుకు ఎవరూ అదనంగా ధర కట్టరు.

ఈ వాదన నిలబడాలంటే కొన్ని షరతులు కావాలి. మదుపరికీ మిల్లుకూ ఒకే వడ్డీకి అప్పు పుట్టాలి. కొనడానికీ అమ్మడానికీ ఖర్చు ఉండకూడదు. మిల్లు గురించి యజమానికి తెలిసినదే బయటివాళ్లకూ తెలియాలి. పన్ను ఉండకూడదు, అప్పు తీరకపోయినా వ్యాపారం చెడకూడదు. నిజ జీవితంలో ఇవేవీ పూర్తిగా ఉండవు. అందుకని సిద్ధాంతం చెల్లదని కాదు. అప్పు వల్ల విలువ మారితే, అది ఈ షరతుల్లో ఏదో ఒకటి తప్పినచోటే మారుతుందని అది చెబుతుంది. వాటిలో బరువైనవి రెండు: పన్ను, అప్పు తీర్చలేని ఇక్కట్లు.

పన్నుతో కళ్లంలోకి మూడో మనిషి వస్తాడు, ప్రభుత్వం. వడ్డీని ఖర్చుగా తీసేశాకే కంపెనీ లాభం మీద పన్ను పడుతుంది. వాటాదారులకిచ్చే డివిడెండ్‌కు ఆ వెసులుబాటు లేదు. పన్ను 25 శాతమనుకుంటే మొదటి మిల్లు 10 లక్షల మీద రెండున్నర లక్షలు కడుతుంది, యజమానులకు ఏడున్నర లక్షలు మిగులుతాయి. రెండో మిల్లు వడ్డీ పోగా మిగిలిన 6 లక్షల మీదే లక్షన్నర కడుతుంది. వాటాదారులకు నాలుగున్నర లక్షలు, బ్యాంకుకు 4 లక్షలు, కలిపి ఎనిమిదిన్నర లక్షలు. రాశి పెరగలేదు, సర్కారు వాటా ఏటా లక్ష తగ్గింది.

ఆ అప్పు ఎప్పటికీ అలాగే కొనసాగితే, ఏటా మిగిలే ఆ లక్షను అప్పు వడ్డీ రేటైన 8 శాతంతో లెక్కగడితే నేటి విలువ పన్నెండున్నర లక్షలు. అప్పును పన్ను రేటుతో గుణించినా అంతే వస్తుంది. అంటే మొదటి మిల్లు విలువ 75 లక్షలు, రెండోదానిది ఎనభై ఏడున్నర లక్షలు. 1958 వ్యాసంలో ఈ పన్ను లెక్కను తక్కువగా వేశామని ఒప్పుకుంటూ, 1963లో ఇద్దరూ ఒక సవరణ ప్రచురించారు. మన దేశంలో 2019లో మినహాయింపులు వదులుకునే కంపెనీలకు పన్నును 22 శాతానికి తగ్గించారు. సర్‌ఛార్జి, సెస్సు కలిపితే అది 25.17 శాతం. అంతకుముందు పెద్ద కంపెనీలకు దాదాపు 35 శాతం పడేది. అంటే వడ్డీగా కట్టే ప్రతి 100 రూపాయల మీద 35 రూపాయలు ఆదా చేసుకున్న కంపెనీకి, కొత్త పద్ధతిలోకి మారాక 25 రూపాయలే ఆదా అవుతుంది.

ఈ లెక్కను చివరిదాకా లాగితే అంతా అప్పుతోనే నడపడం మేలని తేలుతుంది. ఏ కంపెనీ అలా చేయదు, కారణం రెండో చిక్కు. ఇక్కడ చాలామంది పొరబడతారు. బియ్యం ధర పడిపోయి మిల్లు విలువ 75 లక్షల నుంచి 40 లక్షలకు జారితే, ఆ నష్టం అప్పు వల్ల వచ్చింది కాదు, అప్పు లేని మిల్లుకూ అదే గతి. అప్పు ఉండటం వల్ల దానిపైన ఇంకా పోయేదే అసలు ఇక్కట్ల ఖర్చు. కోర్టు ఖర్చులు, లాయర్ల ఫీజులు కంటికి కనిపిస్తాయి. కనిపించనివే పెద్దవి. వాయిదాలు తప్పుతున్నాయని తెలిస్తే ధాన్యం అమ్మేవాళ్లు చేతిలో డబ్బు పెట్టమంటారు, మంచి ఆపరేటర్ పక్క మిల్లుకు పోతాడు, బియ్యం కొనేవాళ్లు వేరేచోటు చూసుకుంటారు.

ఇంకొకటి మరీ విచిత్రం. 40 లక్షల విలువైన ఆ మిల్లు మీద 50 లక్షల అప్పుంది. బాయిలర్ బాగుచేయడానికి 5 లక్షలవుతుంది, దాంతో మిల్లు విలువ 8 లక్షలు పెరుగుతుంది. చేయాల్సిన పనే. కానీ విలువ 48 లక్షలైనా అప్పు కంటే తక్కువే కాబట్టి పెరిగిన 8 లక్షలూ బ్యాంకుకే చెందుతాయి, 5 లక్షలు మాత్రం యజమాని జేబులోంచి పోతాయి. అతను ఆ పని చేయడు. అందరికీ కలిసి రావలసిన 3 లక్షలు అలా ఆవిరైపోతాయి.

ఈ రెండింటినీ తూచి చూద్దాం. ఇక్కట్లొస్తే పోయేది 20 లక్షలనీ, అలా జరిగే అవకాశం 20 లక్షల అప్పుకు 5 శాతం, 40 లక్షలకు 15 శాతం, 60 లక్షలకు 60 శాతమనీ ఊహించుకుందాం. పన్ను ఆదా వరసగా 5, 10, 15 లక్షలు. ఇక్కట్ల సగటు నష్టం 1, 3, 12 లక్షలు. 75 లక్షల మిల్లు విలువ 79, 82, 78 లక్షలవుతుంది. 60 లక్షల అప్పుకు వడ్డీయే 4 లక్షల 80 వేలు. కరువు ఏడాది వచ్చే 5 లక్షల్లో మిగిలేది 20 వేలే. ఆ అంచున నిలబడ్డందుకే లెక్క తిరగబడింది. ఈ నష్టాన్ని బ్యాంకు భరిస్తుందనుకోకూడదు. అది ముందే పసిగట్టి వడ్డీ పెంచుతుంది కాబట్టి, అప్పు తీసుకున్న రోజే బరువు యజమానుల నెత్తిన పడుతుంది.

మిల్లర్ మాత్రం 1977లో ఈ తూకాన్ని ఎగతాళి చేశాడు. ఒక గుర్రం, ఒక కుందేలు వేసి వండిన కూరలా ఉందన్నాడు: పన్ను గుర్రమైతే దివాలా ఖర్చు కుందేలు. పైగా వడ్డీ అందుకున్నవాళ్లూ పన్ను కట్టాలి కాబట్టి గుర్రం కూడా కనిపించినంత పెద్దది కాదన్నాడు. తర్వాత 1998లో ఆండ్రేడ్, కాప్లాన్ భారీ అప్పుల వల్ల ఇక్కట్లలో పడ్డ అమెరికన్ కంపెనీలను పరిశీలించి, నష్టం సంస్థ విలువలో 10 నుంచి 20 శాతం దాకా ఉంటుందని లెక్కగట్టారు. కుందేలు మరీ అంత చిన్నది కాదన్నమాట.

అది ఎంత పెరుగుతుందన్నది వ్యాపారాన్ని బట్టి ఉంటుంది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న విమానాలు ఆపేసింది. అద్దెకిచ్చినవాళ్లు విమానాలు వెనక్కి తీసుకున్నారు, విమానాశ్రయాల్లోని స్లాట్లు ఇతర సంస్థలకు వెళ్లాయి, పైలట్లు చెదిరిపోయారు. దాన్ని తిరిగి ఎగిరించే ప్రయత్నాలు ఐదేళ్లు సాగాక, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆస్తులు అమ్మేయమని ఆదేశించింది. అదే అద్దెకిచ్చిన భవనమైతే యజమాని మారినా అద్దె వస్తూనే ఉంటుంది. నమ్మకం, మనుషుల నైపుణ్యమే ఆస్తులైన వ్యాపారానికి 40 లక్షల అప్పే ఎక్కువ కావచ్చు, గోడలూ స్థలమూ ఆస్తులైనదానికి 60 లక్షలైనా తట్టుకునే శక్తి ఉండొచ్చు.

కాబట్టి అప్పుతో కంపెనీ విలువ పెంచుతామని ఎవరన్నా చెబితే, ఆ పెరిగేది ఎవరి వాటాలోంచి వస్తుందని అడగాలి. సర్కారు వాటాలోంచి అంటే అర్థముంది, ఎంతో లెక్కగట్టొచ్చు. అది కాక మరేదీ చూపించలేకపోతే, వచ్చేది వాటాదారు నెత్తికెత్తుకున్న ప్రమాదానికి కూలే. రెండో మిల్లు వాళ్లు 12 శాతం చూసి సంబరపడింది అందుకే.