రెస్ జుడికేటా: తీర్పు ఏ అంశాన్ని మూసివేస్తుంది?

'రెస్ జుడికేటా' అనే లాటిన్ పదబంధానికి 'తీర్పు పొందిన విషయం' అని అర్థం. ఒక వివాదాన్ని అధికారం గల న్యాయస్థానం విని తుది నిర్ణయం ఇచ్చిన తర్వాత, అదే పక్షాలు అదే అంశంపై మళ్లీ దావా నడపడానికి వీలులేదన్నది ఈ సూత్రం. మన దేశంలో ఇది 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్‌లో ఉంది. ఆ సెక్షన్ 'ఏ న్యాయస్థానమూ విచారించరాదు' అన్న భావంతో మొదలవుతుంది. అంటే నిషేధం నేరుగా న్యాయస్థానం మీదనే ఉంది.

విద్యార్థులకు ఇక్కడ సహజంగా ఒక సందేహం వస్తుంది. మొదటి తీర్పు తప్పయితే? తప్పు తీర్పును సరిదిద్దుకోవడానికి చట్టం అప్పీలు, రివ్యూ వంటి మార్గాలను గడువులతో సహా ఇచ్చింది. ఆ మార్గాలు ముగిశాక తీర్పు తప్పయినా పక్షాలకు కట్టుబాటే. న్యాయమూర్తి పొరపడడని చట్టం ఎక్కడా అనడం లేదు. ఓడిన ప్రతివాడూ మరో దావా వేయగలిగితే గెలిచినవాడి చేతిలోని డిక్రీకి విలువ ఉండదు. ఒకే భూమి మీద రెండు న్యాయస్థానాలు రెండు రకాల డిక్రీలు ఇస్తే దేన్ని అమలు చేయాలో ఎవరూ చెప్పలేరు. 1960లో సత్యధ్యాన్ ఘోషాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రానికి ఆధారం తీర్పులకు తుదిత్వం కల్పించవలసిన అవసరమేనని చెప్పింది.

సూత్రం తెలుసుకోవడం సులభమే. చిక్కంతా 'అదే అంశం' అన్న మాట దగ్గర వస్తుంది. ఒక ఊహాత్మక ఉదాహరణతో దీన్ని పరిశీలిద్దాం.

ఇద్దరు అన్నదమ్ములు, రెండెకరాల మాగాణి

తండ్రి మరణించాడు. రెండెకరాల మాగాణిని తండ్రి తనకు దాన దస్తావేజు ద్వారా ఇచ్చాడని అన్న అంటాడు. ఆ దస్తావేజు నిజం కాదని, తండ్రి బతికుండగానే జరిగిన పంపకాల్లో ఆ పొలం తనకు వచ్చిందని తమ్ముడు అంటాడు. తాను సాగు చేస్తుంటే తమ్ముడు అడ్డు వస్తున్నాడని అన్న శాశ్వత ఇంజంక్షన్ కోరుతూ దావా వేశాడు. న్యాయస్థానం ప్రధానంగా ఒకే ఇష్యూ రూపొందించింది: దావా వేసిన నాటికి వాది స్వాధీనంలో ఉన్నాడా? అడంగల్ నకళ్లు, పొరుగు రైతుల సాక్ష్యం తమ్ముడికి అనుకూలంగా ఉన్నాయి. దావా కొట్టివేశారు. తీర్పులో ఒకచోట 'దాన దస్తావేజు కూడా అనుమానాస్పదంగా ఉంది' అని ఒక వాక్యం ఉంది. అన్న అప్పీలుకు వెళ్లలేదు.

ఆ తర్వాత అన్న రెండో దావా వేశాడు. ఈసారి పొలంపై తనకు హక్కు ఉన్నట్లు ప్రకటించి, స్వాధీనం ఇప్పించమని కోరాడు. తమ్ముడు పాత తీర్పులోని ఆ వాక్యాన్ని చూపి, విషయం తేలిపోయిందని వాదించాడు. ఈ వాదన నిలుస్తుందా?

నిలవదు. 11వ సెక్షన్ వర్తించాలంటే ఆ అంశం మొదటి దావాలో 'ప్రత్యక్షంగాను, ముఖ్యంగాను' వివాదంలో ఉండాలి. ప్రసంగవశాత్తు తడిమిన అంశం చాలదు. ఈ రెండింటినీ వేరు చేయడానికి ఉపయోగపడే ప్రశ్న ఒకటుంది: ఆ నిర్ణయాన్ని తీసివేసినా డిక్రీ నిలబడుతుందా? మన ఉదాహరణలో నిలబడుతుంది. అన్న స్వాధీనంలో లేడన్న ఒక్క నిర్ణయంతోనే ఇంజంక్షన్ దావా పోయింది. దస్తావేజు గురించి అన్న మాట లేకపోయినా ఫలితం మారేది కాదు. పైగా దానిపై ఇష్యూ లేదు. కాబట్టి హక్కు అంశం ఇంకా తెరిచే ఉంది. అయితే స్వాధీనం అంశం మూతపడింది. మొదటి దావా నాటికి తానే స్వాధీనంలో ఉన్నానని అన్న ఇక ఎక్కడా వాదించలేడు.

ఇంజంక్షన్ దావాలో హక్కు ఎప్పుడూ ప్రసంగవశాత్తు అంశమేనని దీన్నిబట్టి అనుకోకూడదు. 2008లో అనతుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చర్చించింది. అది వరంగల్‌లోని స్థలాల వివాదం. ఖాళీ స్థలాన్ని ఎవరూ సాగు చేయరు, అందులో కాపురం ఉండరు. అక్కడ హక్కు ఎవరిదో తేలితేగానీ స్వాధీనం ఎవరిదో చెప్పలేము. అటువంటప్పుడు హక్కు కూడా ప్రత్యక్ష వివాదాంశం కావచ్చు. కానీ అందుకు వాద, ప్రతివాదాల్లో తగిన కథనం, దానిపై ఇష్యూ ఉండాలని న్యాయస్థానం స్పష్టం చేసింది. హక్కుపై నిజమైన చిక్కులున్నచోట పక్షాలను హక్కు ప్రకటన దావాకే పంపాలని కూడా చెప్పింది.

రెండో దావా కూడా ముగిశాక

దానం రుజువు కాలేదని రెండో దావా కూడా కొట్టివేశారనుకుందాం. అప్పీలు గడువు దాటింది. ఇప్పుడు అన్న కొత్త మాట ఎత్తాడు: దానం సంగతి ఎలా ఉన్నా, తండ్రి తన పేర వీలునామా కూడా రాశాడని. వీలునామాపై ఇంతవరకు ఏ న్యాయస్థానమూ ఒక్క మాటా చెప్పలేదు. అయినా మూడో దావా సాగదు. మొదటి విచారణలో లేవనెత్తడానికి వీలుండి, లేవనెత్తవలసిన ఆధారాన్ని వదిలేస్తే, అది కూడా వివాదంలో ఉండి తేలిపోయినట్లే భావించాలని 11వ సెక్షన్‌లోని 4వ వివరణ చెబుతుంది. దీనిని నిర్మాణాత్మక రెస్ జుడికేటా అంటారు. వీలునామా రెండో దావా నాటికే ఉంది, అన్నకు తెలుసు. ఒకే హక్కుకు ఉన్న ఆధారాలను ఒక్కొక్కటిగా దాచిపెట్టుకుని దావా తర్వాత దావా వేయడానికి చట్టం అనుమతించదు.

అన్న తన 'హక్కు'ను ఆ తర్వాత మరొకరికి అమ్మినా ఫలితం ఇదే. కొన్నవాడు అన్న ద్వారా హక్కు పొందుతున్నాడు కనుక అన్నను కట్టివేసిన తీర్పు అతడినీ కట్టివేస్తుంది. కానీ తీర్పు తర్వాత తమ్ముడే ఆ పొలాన్ని అన్నకు విక్రయించాడనుకోండి. అది కొత్తగా పుట్టిన హక్కు, పాత తీర్పు దానికి అడ్డు కాదు.

వాయిదాకు వాది రాకపోవడం వల్ల దావా కొట్టివేసినా, విచారణాధికారం లేదని తిప్పి పంపినా విషయం 'విని నిర్ణయించినట్లు' కాదు. ఎక్స్‌పార్టీ డిక్రీ సంగతి వేరు. ప్రతివాది రాకపోయినా న్యాయస్థానం వాది సాక్ష్యాన్ని చూసి నిర్ణయించింది కనుక అది కట్టుబాటే అవుతుంది. మోసంతో పొందిన తీర్పుకు మాత్రం ఈ రక్షణ ఉండదు. అయితే మోసం జరిగిందని చెప్పేవారే దాన్ని రుజువు చేయాలి.

అభ్యంతరం ఎలా లేవనెత్తాలి

ఆచరణలో ఈ అభ్యంతరం ఎక్కువగా వీగిపోయేది కాగితాల దగ్గరే. పాత తీర్పు నకలు ఒక్కటే దాఖలు చేసి ఊరుకునేవారు చాలామంది. ఏది ప్రత్యక్షంగా వివాదంలో ఉందో తీర్పు ఒక్కటే చూసి సాధారణంగా తేల్చలేము. మొదట పక్షాల వాదపత్రాలు చూడాలి, తర్వాత తీర్పు ఏం నిర్ణయించిందో చూడాలి. అందువల్ల ప్రతివాది తన లిఖితపూర్వక జవాబులోనే ఈ అభ్యంతరాన్ని స్పష్టంగా చెప్పి, పాత దావాలోని వాదపత్రం, జవాబు, ఇష్యూలు, తీర్పు, డిక్రీల ధ్రువీకృత నకళ్లను దాఖలు చేయాలి. ఈ కారణంగానే, ఆర్డర్ 7 రూల్ 11 కింద వాదపత్రాన్ని మొదట్లోనే తిరస్కరించడానికి రెస్ జుడికేటా సాధారణంగా ఆధారం కాదని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. తిరస్కరణ దరఖాస్తులో కొత్త దావా వాదపత్రాన్నే చూడాలి, పాత రికార్డును జల్లెడ పట్టే పని ఆ దశలో కుదరదు. తమ్ముడి వంటి ప్రతివాది ఈ అంశంపై ప్రత్యేకంగా ఇష్యూ రూపొందించమని కోరి, తన నకళ్లను సాక్ష్యంగా గుర్తింపజేసుకోవాలి.